ఇరవై నాలుగు గంటల మూత్రం: డబ్బా నింపడం కాదు, రోజును లెక్కించడం

(మా ఆసుపత్రి ఓపీ హాలులో రోగుల బంధువుల కోసం ఇచ్చిన ఆరోగ్య ప్రసంగ పాఠం)

ల్యాబ్ కిటికీ దగ్గర తెల్లటి ప్లాస్టిక్ డబ్బా చేతికివ్వగానే మీలో చాలామంది నన్ను అడిగే మొదటి మాట ఒకటుంది. "సిస్టర్, ఇది నిండా తేవాలా?" అని. అక్కర్లేదు. డబ్బా సగానికి వచ్చినా తప్పు కాదు, ఒకటి నిండి రెండోది కావలసి వచ్చినా తప్పు కాదు. మాకు కావలసింది మూత్రం ఎంత ఎక్కువగా ఉందన్నది కాదు. మీ అమ్మగారి శరీరంలో నుంచి సరిగ్గా ఒక పగలు, ఒక రాత్రి కలిపి ఇరవై నాలుగు గంటల్లో ఏమేమి బయటికి వచ్చాయో అదంతా. ఒక్క చుక్క ఎక్కువా వద్దు, ఒక్క చుక్క తక్కువా వద్దు.

ఈ పరీక్షను డాక్టరు గారు ముఖ్యంగా రెండు కారణాలతో రాస్తారు. ఒకటి, మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో చూడటానికి. షుగరు, బీపీ, కొన్ని మూత్రపిండాల జబ్బులు ఉన్నవారిలో, కొందరు గర్భిణుల్లో ఇది అవసరమవుతుంది. రెండోది, మూత్రంలో మళ్లీ మళ్లీ రాళ్లు వచ్చేవారిలో ఆ రాళ్లు ఎందుకు తయారవుతున్నాయో తెలుసుకోవడానికి. రెండింటికీ డబ్బా చూడటానికి ఒకేలా ఉంటుంది గాని, జరిగే పొరపాట్లు వేరు. అందుకే ఒకదాని తర్వాత ఒకటి చెబుతాను.

ముందుగా ఒక ఇంటి సంగతి చెబుతాను. నాంపల్లిలో ఉండే ఒక పెద్దమ్మ. యాభై రెండేళ్లు, యాభై ఎనిమిది కిలోల బరువు, చాలా ఏళ్లుగా షుగరు. ఆమెకు అక్టోబరులో చేసిన పరీక్షలో రోజుకు 1220 మిల్లీగ్రాముల ప్రోటీన్ పోతున్నట్టు వచ్చింది. ఆరోగ్యవంతుల్లో ఇది 150 మిల్లీగ్రాములు దాటదు. డాక్టరు గారు బీపీ మాత్రల్లోనే ప్రోటీన్ పోవడాన్ని కూడా తగ్గించే రకం ఒకటి మొదలుపెట్టి, జనవరిలో మళ్లీ పరీక్ష చేయించమన్నారు. జనవరి రిపోర్టులో ప్రోటీన్ 620 అని వచ్చింది. కోడలు పట్టరాని సంతోషంతో వచ్చింది. "సగానికి సగం తగ్గిపోయింది సిస్టర్, మందు బాగా పనిచేసింది" అంది. అత్తగారు కూడా అంతే సంతోషంగా ఉన్నారు. ఇక మాత్రలు తగ్గించుకోవచ్చేమో అని కూడా అడిగారు.

డాక్టరు గారు మాత్రం ప్రోటీన్ అంకె చూసి ఊరుకోలేదు. ఆయన వేలు కింది వరుస మీదికి వెళ్లింది. అక్కడ క్రియాటినిన్ అని ఉంటుంది. అది 480 మిల్లీగ్రాములు. మొత్తం మూత్రం 900 మిల్లీలీటర్లు. ఆయన తల ఎత్తి, "అమ్మా, నిన్న మీరు రోజంతా ఇంట్లోనే ఉన్నారా?" అని అడిగారు.

క్రియాటినిన్ చూసి ఆ మాట ఎలా అడిగారో మీకు అర్థం కావాలి. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. మన కండరాల్లో క్రియాటిన్ అనే పదార్థం, దానికి ఫాస్ఫరస్ తోడైన ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉంటాయి. కండరాలు పనిచేయడానికి వెంటనే శక్తినిచ్చే నిల్వ ఇది. ఈ నిల్వలో రోజుకు సుమారు రెండు శాతం తనంతట తానే మారిపోయి క్రియాటినిన్ అవుతుంది. అది రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రపిండాల ద్వారా మూత్రంలోకి వస్తుంది. మీ కండరాలు రాత్రికి రాత్రి పెరగవు, తరగవు. కనుక ఒక మనిషి రోజుకు వదిలే క్రియాటినిన్ ఇవాళా రేపూ దాదాపు ఒకటే. నీళ్లు ఎక్కువ తాగితే మూత్రం పలుచబడుతుంది గాని రోజంతటి క్రియాటినిన్ మొత్తం పెద్దగా మారదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను కండరంలో కనిపెట్టిన వారిలో ఒకరు మన తెలుగువారే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో హార్వర్డులో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ పద్ధతితో కండరాన్ని పరిశీలిస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్ సంగతి లోకానికి తెలిపారు. నర్సింగ్ చదివేటప్పుడు ఆ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న పేరు చూసి, ఈ సుబ్బారావు ఎవరో అనుకున్నానే గాని మన భీమవరం ఆయన అని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

సరే, పెద్దమ్మ దగ్గరికి వద్దాం. ఆడవారిలో రోజుకు శరీర బరువు ఒక్కో కిలోకు సుమారు 15 నుంచి 20 మిల్లీగ్రాముల క్రియాటినిన్ రావాలి. మగవారిలో కండ ఎక్కువ కనుక 20 నుంచి 25. వయసు మీదపడితే రెండూ కొంత తగ్గుతాయి. ఈమె యాభై ఎనిమిది కిలోలు. తక్కువలో తక్కువ లెక్క వేసినా 870 దాకా ఉండాలి. వచ్చింది 480. కిలోకు ఎనిమిది మిల్లీగ్రాములే. మనిషి చూస్తే చక్కగా నడుస్తోంది, ఇంటి పనులన్నీ చేసుకుంటోంది, కండలు కరిగిపోయిన మనిషి కాదు. మరి క్రియాటినిన్ సగం ఎక్కడికి పోయింది? అది ఎక్కడికీ పోలేదు. మూత్రమే సగం డబ్బాలోకి రాలేదు.

అడిగితే మొదట "అంతా పట్టామండీ" అన్నారు. నేను పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఉదయం లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పమన్నాను. ఇంట్లో పెళ్లి ఉంది. ఉదయం పదకొండు గంటలకు మూత్రం డబ్బాలో పోసి, కోడలితో కలిసి ఆబిడ్స్‌లో చీరలు కొనడానికి వెళ్లారు. అక్కడ దుకాణంలోని బాత్రూమును వాడుకున్నారు. సాయంత్రం మనవళ్లు పట్టుబట్టారని అటు నుంచి అటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్‌కు వెళ్లారు. అక్కడా ఒకసారి వెళ్లవలసి వచ్చింది. ఇంటికి వచ్చేసరికి రాత్రి పదిన్నర. అలసిపోయి ఉన్నారు, ఆపుకోలేక నేరుగా బాత్రూములోకి వెళ్లిపోయారు. డబ్బా గుర్తొచ్చింది ఆ తర్వాత. "బయటికి డబ్బా ఎలా పట్టుకెళ్తామమ్మా, నలుగురిలో" అంది పెద్దమ్మ. ఆమె అన్నదీ నిజమే. చీరల దుకాణంలోకి ఆ డబ్బా పట్టుకెళ్లమని నేనూ చెప్పను.

ఇప్పుడు లెక్క చూడండి. పదకొండు నుంచి రాత్రి పదిన్నర వరకు, అంటే పదకొండున్నర గంటల మూత్రం లేదు. డబ్బాలో ఉన్నది పన్నెండున్నర గంటలది. దానిలోని ప్రోటీన్ 620. దాన్ని "రోజుకు 620" అని ల్యాబ్ రాసింది, ఎందుకంటే ల్యాబ్ వారికి మీరు ఇరవై నాలుగు గంటలు అని చెప్పారు. వారికి డబ్బా తెలుసు, నుమాయిష్ తెలియదు.

డాక్టరు గారు ఆ రిపోర్టునే పెట్టుకుని ఇంకో చిన్న లెక్క చేశారు. ప్రోటీన్‌ను క్రియాటినిన్‌తో భాగించారు. 620ని 480తో భాగిస్తే సుమారు 1.3 వస్తుంది. పోయిన మూత్రంలో ప్రోటీన్ పోయింది, క్రియాటినిన్ కూడా అదే వంతున పోయింది. కనుక వాటి నిష్పత్తి పెద్దగా చెడదు. 1.3 అంటే అసలు నష్టం రోజుకు ఒక గ్రాముకు పైనే ఉందని సూచన. ఏమీ తగ్గలేదన్నమాట. మాత్ర తగ్గించడం మాట అలా ఉంచి, అసలు మోతాదు చాలడం లేదేమో చూడాలి.

వారం తర్వాత మళ్లీ పట్టించాం. ఈసారి ఆమె ఇంట్లోనే ఉన్నారు. మొత్తం 1750 మిల్లీలీటర్లు, క్రియాటినిన్ 930, ప్రోటీన్ 1190. కిలోకు పదహారు మిల్లీగ్రాముల క్రియాటినిన్, ఉండవలసిన చోటే ఉంది. ప్రోటీన్ అక్టోబరులో ఉన్నట్టే ఉంది. డాక్టరు గారు మాత్ర మోతాదు పెంచారు. మొదటి రిపోర్టును నమ్మి ఉంటే ఆ ఇంటివాళ్లు ఇంకో మూడు నెలలు సంతోషంగానే ఉండేవారు. లోపల మూత్రపిండం మాత్రం అలాగే చెడిపోతూ ఉండేది.

ఇక మొదలుపెట్టే విధానం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, ఇదొక్కటి బాగా వినండి. మీరు ఆదివారం ఉదయం ఆరు గంటలకు మొదలుపెడతారనుకుందాం. ఆరింటికి లేచి మొదటిసారి వెళ్లే మూత్రాన్ని డబ్బాలో పోయకూడదు. టాయిలెట్‌లోనే వదిలేయాలి. వదిలేసి, గడియారం చూసి "ఆదివారం ఉదయం 6.00" అని కాగితం మీద రాసుకోవాలి. ఆ తర్వాత నుంచి పగలు, రాత్రి వచ్చేదంతా డబ్బాలోకే. సోమవారం ఉదయం సరిగ్గా ఆరింటికి, రావాలనిపించినా అనిపించకపోయినా, వెళ్లి ఆ మూత్రాన్ని డబ్బాలో పోయాలి. అంతటితో ఆఖరు.

"ఉదయం మూత్రమే కదా చిక్కగా ఉండేది, దాన్నే పారబోయమంటారేంటి?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. ఆటో ఎక్కినప్పుడు మీటరు సున్నా చేయమంటాం కదా. ముందు దిగిన మనిషి ఛార్జీ మనమెందుకు కట్టాలి? ఆదివారం ఉదయం ఆరింటికి సంచిలో ఉన్న మూత్రం శనివారం రాత్రిది. అది ముందు దిగిన మనిషి ఛార్జీ. దాన్ని వదిలేస్తే మూత్రసంచి ఖాళీ అయి మీటరు సున్నాకు వస్తుంది. అలాగే సోమవారం ఉదయం సంచిలో ఉన్నది ఆదివారం రాత్రి తయారైనది. అది మన ఛార్జీయే, దాన్ని వదిలేస్తే లెక్క తక్కువవుతుంది. ఆదివారం ఉదయానిది వద్దు, సోమవారం ఉదయానిది కావాలి.

రెండు ఉదయాలవీ పోస్తే ఏమవుతుంది? శనివారం రాత్రి పదకొండుకు చివరిసారి వెళ్లి ఉంటే, పదకొండు నుంచి ఆరు దాకా ఏడు గంటలది అదనంగా చేరుతుంది. అప్పుడది ముప్ఫై ఒక్క గంటల మూత్రం. మన పెద్దమ్మకే అలా జరిగి ఉంటే 1190 ఉండవలసిన ప్రోటీన్ దాదాపు 1500 దాటి కనిపించేది. జబ్బు ముదిరిందని ఇంట్లో ఏడుపులు, అనవసరంగా ఇంకో మందు. పైగా ఈ తప్పును క్రియాటినిన్ కూడా సరిగా పట్టివ్వలేదు. 930 బదులు 1200 వచ్చేది, కిలోకు ఇరవై చిల్లర. కొంచెం ఎక్కువే గాని, అలాంటి ఆడవాళ్లూ ఉంటారు కదా అనిపిస్తుంది. సగం మూత్రం పోతే క్రియాటినిన్ అరిచి చెబుతుంది. ఒక్కసారి పోయినా, ఒక్కసారి ఎక్కువ చేరినా గొణుగుతుంది, అంతే. ఆ చిన్న తప్పులు చెప్పగలిగేది మీరే.

అందుకే నేను అందరికీ చెప్పేది, ఒక్కసారి పోయినా సరే, దాచకండి. "ఒక్కసారే కదా సిస్టర్" అని సర్దేస్తారు. ఆ ఒక్కసారి నాలుగు వందల మిల్లీలీటర్లు కావచ్చు. కొందరైతే తగ్గిందేమోనని భయపడి కాసిన్ని నీళ్లు కలిపి తెస్తారు. నవ్వకండి, నేను నా చేతులతో అలాంటి డబ్బాలు అందుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా చూస్తున్నాను, ఏ ఒక్కరూ మోసం చేద్దామని చేసినవారు కాదు. తిడతామని భయం. పోయిందని చెబితే ఎవరూ తిట్టరు. మిగిలింది పారబోసి, డబ్బా మార్చుకుని, ఇంకోరోజు మొదలుపెట్టడమే. అందులో మందు వేసి ఇచ్చిన డబ్బా అయితే మాత్రం ఇంట్లో పారబోయకుండా మా దగ్గరికే తెచ్చి మార్చుకోండి.

పోవడానికి ఇంకో దారి ఉంది, ఎవరూ నోరు విప్పి చెప్పరు కాబట్టి నేనే చెబుతాను. విరేచనానికి వెళ్లినప్పుడు మూత్రం కూడా వచ్చేస్తుంది. ఆ మూత్రం డబ్బాలోకి రాదు. పైగా ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే వాళ్లు "మూత్రానికి" వెళ్లలేదు. ఆ రోజు విరేచనానికి కూర్చునే ముందే మగ్గులో మూత్రం పోసుకుని, ఆ తర్వాత కూర్చోవాలి. ఆడవారికి వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి ప్రత్యేకంగా పెట్టండి. అది కడిగి పూర్తిగా ఆరబెట్టినదై ఉండాలి, సబ్బు నురుగు మిగలకూడదు. రాత్రి నిద్రమత్తులో నేరుగా వెళ్లిపోకుండా బాత్రూము తలుపు గొళ్లానికి ఒక గుడ్డ ముక్క కట్టండి. చెయ్యి తగలగానే డబ్బా గుర్తొస్తుంది. ఇది నాకు ఒక తాతగారు నేర్పిన ఉపాయం. మూత్రానికి గొట్టం వేసి ఉన్నవారికైతే ఆరింటికి సంచి పూర్తిగా ఖాళీ చేసి మొదలుపెట్టి, తర్వాత సంచిలోదంతా డబ్బాలోకి పోస్తూ ఉండాలి.

ల్యాబ్ ఇచ్చిన డబ్బానే వాడాలి. కూల్‌డ్రింకు సీసాలు, నూనె డబ్బాలు వద్దు, ఎంత కడిగినా అడుగున ఏదో ఉంటుంది. మొదటి డబ్బా నిండిపోతే మిగతాది పారబోయకండి. వచ్చి రెండోది తీసుకెళ్లండి. రెండూ కలిపే ఒక రోజు. కొందరు బరువు మోయలేక చిన్న సీసాలో కొంచెం మాత్రం పోసి తెస్తారు. మొత్తం ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి రాయకపోతే ఆ చిన్న సీసాతో రోజు లెక్క వేయలేం. కాబట్టి మొత్తం తేవడమే మేలు.

ఇరవై నాలుగు గంటలూ డబ్బాను చల్లగా ఉంచాలి. మన ఎండల్లో మూత్రం బయట పెడితే క్రిములు పెరిగి అందులోని పదార్థాలు మారిపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టమంటే ఇళ్లలో గొడవవుతుందని నాకు తెలుసు. పాలు, పెరుగు పెట్టే చోట ఇది పెడతారా అని. పెట్టనక్కర్లేదు. చేపలకు వాడే థర్మోకోలు పెట్టె ఒకటి తెచ్చి, అందులో ఐసు పోసి, డబ్బాను నిలబెట్టి, నాలుగైదు గంటలకొకసారి ఐసు మార్చండి. బాత్రూములో ఒక మూల పెట్టుకోవచ్చు, ఎండ తగలకూడదు.

ఇప్పుడు రాళ్ల సంగతి. ఇక్కడ క్రియాటినిన్ ఉన్నా పట్టుకోలేని తప్పు ఒకటుంది.

నాంపల్లి స్టేషను దగ్గర పార్సిళ్లు ఎత్తే తమ్ముడు ఒకతను, నలభై రెండేళ్లు, డెబ్బై కిలోలు. రెండుసార్లు రాళ్లు పడ్డాయి. పరీక్ష రాస్తే, సెలవు కదా అని ఆదివారం ఇంట్లో పట్టాడు. డబ్బా చూసి భయపడి, నీళ్లు బాగా తాగాడు. మూత్రం 2600 మిల్లీలీటర్లు వచ్చింది. క్రియాటినిన్ 1500, కిలోకు ఇరవై ఒకటి. అంటే చుక్క పోకుండా పట్టాడు. కాల్షియం 240 మిల్లీగ్రాములు. ఆ రిపోర్టు చూస్తే ఇతనికి రాళ్లు ఎందుకొస్తున్నాయో అర్థం కాదు. డాక్టర్లు రాళ్లవారికి రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలంటారు, ఇతనికి అంతకంటే ఎక్కువే వచ్చింది మరి.

"పని రోజున కూడా ఇన్ని నీళ్లు తాగుతావా తమ్ముడూ?" అని అడిగితే నవ్వాడు. "పని దొరికితే తినడానికే టైముండదు సిస్టర్, నీళ్లెక్కడివి. మధ్యలో రెండు చాయ్‌లు" అన్నాడు. రెండోసారి పని రోజున పట్టమన్నాం. ముతక గుడ్డ సంచిలో డబ్బా పెట్టి, గోదాములో తెలిసినవాళ్ల దగ్గర ఐసు పెట్టెలో ఉంచుకున్నాడు. ఈసారి 850 మిల్లీలీటర్లు. క్రియాటినిన్ 1470, కాల్షియం 235. అంటే పట్టడంలో తప్పు లేదు, కాల్షియం కూడా దాదాపు అంతే. కాని అదే కాల్షియం ఇప్పుడు మూడో వంతు నీళ్లలో ఉంది. ఆదివారం నూరు మిల్లీలీటర్లకు తొమ్మిది మిల్లీగ్రాములుంటే, పని రోజున ఇరవై ఏడు దాటింది. గ్లాసు నీళ్లలో చక్కెర కరిగినట్టు గరిటెడు నీళ్లలో కరగదు. కరగనిది అడుగున పేరుకుంటుంది. అతని రాళ్లు ఆదివారం పుట్టడం లేదు, మిగతా ఆరు రోజులూ పుడుతున్నాయి.

అందుకే రాళ్ల పరీక్షకు ఒక్కరోజు చాలదు, రెండు రోజులవి చూస్తే మంచిదంటారు. ఒకటి పని రోజు, ఒకటి ఇంట్లో ఉన్న రోజు అయితే ఇంకా మంచిది. ఆ రెండు రోజులూ మీరు ఎప్పుడూ తినేదే తినాలి, ఎప్పుడూ తాగేంతే తాగాలి. ఊరగాయ రోజూ తినేవారు ఆ రోజు మానేస్తే ఉప్పు తగ్గి, దానితో మూత్రంలో కాల్షియం కూడా తగ్గినట్టు కనబడుతుంది. పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకోవడం వంటిది కాదిది. మీ ఇంటి పెద్దలు పథ్యం చేయించాలని చూస్తారు, ఆ రెండు రోజులూ వారిని ఆపండి. విటమిన్ సి మాత్రలు వేసుకుంటుంటే మాత్రం డాక్టరు గారికి ముందే చెప్పండి, అది శరీరంలో ఆక్సలేట్‌గా మారి లెక్క పెంచుతుంది. రాయి నొప్పితో ఉన్నప్పుడు, రాయి తీసిన కొత్తలో ఈ పరీక్ష చేయించకూడదు. సెలైన్లు, మందులు, తిండి తగ్గడం వల్ల అది మామూలు రోజు కాదు. సాధారణంగా ఆరు వారాలు ఆగమంటారు.

రాళ్ల డబ్బాలో ఒక్కోసారి కొద్దిగా ఆమ్లం వేసి ఇస్తారు, కాల్షియం, ఆక్సలేట్ అడుగున గట్టిపడకుండా. అది నీళ్లలా కనబడుతుంది, "ఏదో మిగిలిపోయింది" అని కడిగేసి తెచ్చినవారున్నారు. కడగకండి. ఆ డబ్బాలోకి నేరుగా మూత్రం పోయకండి, చిందితే చర్మం కాలుతుంది. మగ్గులో పట్టి నెమ్మదిగా వంచండి, మూత తీసినప్పుడు ముఖం దగ్గర పెట్టుకోకండి, పిల్లలకు అందనివ్వకండి. ప్రోటీన్ పరీక్షకు ఆమ్లం వేసిన డబ్బా పనికిరాదు. కాబట్టి పక్కింటివారి దగ్గర మిగిలిన డబ్బా తెచ్చుకుని వాడొద్దు.

ప్రోటీన్ పట్టే రోజుకు కూడా రెండు జాగ్రత్తలు. జ్వరం ఉన్నప్పుడు, మూత్రంలో మంట ఉన్నప్పుడు, ఆడవారికి నెలసరి సమయంలో పట్టకండి, ప్రోటీన్ ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. బాగా అలసిపోయే పని చేసిన రోజైనా అంతే.

కొందరికి ఇంత శ్రమ అక్కర్లేకపోవచ్చు కూడా. ప్రోటీన్ కోసమే అయితే ఈ రోజుల్లో డాక్టర్లు చాలాసార్లు ఉదయం ఒక్క సీసా మూత్రంలో ప్రోటీన్‌కు, క్రియాటినిన్‌కు ఉన్న నిష్పత్తి చూసి సరిపెడుతున్నారు. పెద్దమ్మ రిపోర్టులో డాక్టరు గారు చేసిన భాగహారమే అది. మంచం పట్టిన ముసలివారిని, మతిమరుపు ఉన్నవారిని ఇరవై నాలుగు గంటలు పట్టి ఉంచలేమనిపిస్తే, "సిస్టర్, చిన్న సీసాతో అవుతుందా?" అని అడగండి. అడగడంలో తప్పు లేదు. మంచంలోనే ఉండి కండ కరిగిపోయినవారిలో క్రియాటినిన్ లెక్క కూడా తక్కువే వస్తుంది, అది పట్టడంలో తప్పని అనుకోకూడదు. అందుకే ఫారం మీద వయసు, బరువు సరిగ్గా రాయించండి. రాళ్లకు మాత్రం చిన్న సీసా పనికిరాదు, రోజంతా ఎంత మూత్రం వచ్చిందన్నదే అక్కడ సగం జవాబు.

డబ్బా తెచ్చినప్పుడు మూత గట్టిగా బిగించి, పైన రోగి పేరు, మొదలుపెట్టిన రోజు, గంట, ముగించిన రోజు, గంట రాసి ఉండాలి. ఆదివారం ల్యాబ్ తీసుకోదు, కనుక శనివారం మొదలుపెట్టకండి. ఆదివారం ఉదయం మొదలుపెడితే సోమవారం ఉదయం ఆరింటికి ముగించి, ఎనిమిదింటికల్లా కిటికీ దగ్గర ఇవ్వవచ్చు. మధ్యలో ఏదైనా పోయి ఉంటే ఇచ్చేటప్పుడే ఆ అమ్మాయితో చెప్పండి, లేదా లోపలికి వచ్చి నాతో చెప్పండి.